ఊరి బయట 140 ఎఫ్‌పీఎస్, ఊళ్ళోకి వస్తే 35: ఆన్‌లైన్ గేముల్లో జనం ఎక్కువైతే గ్రాఫిక్స్ కార్డు ఎందుకు ఖాళీగా కూర్చుంటుంది

వేలమంది కలిసి ఆడే ఆన్‌లైన్ గేముల్లో ఈ ఫిర్యాదు ఇరవై ఏళ్ళుగా వినపడుతూనే ఉంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయిస్తారు, అడవిలో గుర్రం మీద తిరుగుతుంటే సెకనుకి 140 ఫ్రేములు, అంటే 140 ఎఫ్‌పీఎస్ వస్తుంది, వేలంపాట జరిగే కూడలికి రాగానే 35కి పడిపోతుంది. రిజల్యూషన్, టెక్స్చర్ నాణ్యత తగ్గించినా అదే 35. పాత కార్డుతో కూడా అక్కడ 33 వచ్చేది కాబట్టి డబ్బులు దండగేనా అని బాధపడతారు. కార్డుది తప్పు కాదు, ఆ కూడలిలో దానికి చేతినిండా పని అందడం లేదు, అంతే.

ఇదెలా మొదలైందో చూడాలంటే 2003, 2004లకి వెళ్ళాలి.

ఒక ఫ్రేము తయారవ్వాలంటే ప్రాసెసర్ ముందు "ఈ వస్తువుని, ఈ రంగులతో, ఈ చోట గీయి" అని గ్రాఫిక్స్ కార్డుకి ఒక్కొక్కటిగా ఆదేశాలు పంపాలి. వీటినే డ్రా కాల్స్ అంటారు. ఆదేశం చిన్నదే కానీ ఊరికే వెళ్ళదు, గేము నుంచి విండోస్‌లోని డైరెక్ట్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి, అక్కడి నుంచి కార్డుని నడిపే డ్రైవర్‌కి వెళ్తుంది, దారిలో ప్రతిచోటా తనిఖీలూ మార్పిడులూ ఉంటాయి, అదంతా ప్రాసెసర్ సమయమే. విచిత్రం ఏంటంటే ఆ ఆదేశంలో పది త్రిభుజాలున్నా వంద త్రిభుజాలున్నా ప్రాసెసర్‌కి పడే ఖర్చు దాదాపు ఒకటే. 2003లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఎన్విడియా వాళ్ళు దీని మీదే ఒక ప్రసంగం ఇచ్చారు: 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మొత్తం సమయం దీనికే పెట్టినా సెకనుకి సుమారు 25,000 ఆదేశాలకి మించి పంపలేదని, అందుకే వస్తువుల్ని కలిపి పెద్ద పెద్ద మూటలుగా పంపండని చెప్పారు.

ఈ లెక్కని ఒక కూడలికి పెట్టి చూద్దాం. అప్పటి మంచి ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్ అనుకుంటే సెకనుకి సుమారు 75,000 ఆదేశాలు. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఫ్రేముకి 1,250 మాత్రమే, అది కూడా ప్రాసెసర్ వేరే పనేమీ చేయకపోతే. ఇప్పుడు కూడలిలో 80 మంది ఆటగాళ్ళు నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కరికి ఒళ్ళు, జుట్టు, శిరస్త్రాణం, రెండు భుజకవచాలు, వెనక వేలాడే అంగవస్త్రం, చేతిలో కత్తి, వీపున విల్లు, అన్నీ కలిపి ఎనిమిది ఆదేశాలు అనుకుంటే 640 అయ్యాయి. పాత గేముల్లో కాళ్ళ కింద ఒక నల్లటి మచ్చ వేసి నీడ అనిపించేవారు, తర్వాత నిజమైన నీడలు వచ్చాయి, దాంతో ప్రతి మనిషినీ నీడ కోసం ఇంకోసారి గీయాలి, అంటే 1,280. ఒక్క ఇల్లు కూడా గీయకుండానే కోటా దాటిపోయింది! కార్డు మాత్రం ఈ 80 మందిని గీసేసి మిగతా సమయమంతా తర్వాతి ఆదేశం కోసం ఎదురుచూస్తుంటుంది. మేస్త్రీలు ఎంతమంది ఉన్నా ఇటుకలు అందించేవాడు ఒక్కడే అయితే గోడ వాడి వేగంతోనే లేస్తుంది.

మరి అడవిలో వెయ్యి చెట్లున్నా ఇబ్బంది లేదేం? చెట్లన్నీ రెండు మూడు రకాలే, వాటిని కలిపి ఒకే మూటగా పంపొచ్చు. మనుషుల్ని అలా కలపడం కష్టం, ఎందుకంటే ఎవరి కవచం వాళ్ళది, ఎవరి రంగు వాళ్ళది, తమ పాత్ర ఇంకొకరిలా ఉండకూడదనే కదా ఆటగాళ్ళు అంత కష్టపడేది. ఒంటరిగా ఆడే గేములో అయితే ఏ వీధిలో ఎంతమంది ఉండాలో డిజైనరే లెక్కవేసి పెడతాడు. ఇక్కడ ఆ లెక్క అతని చేతిలో లేదు, ఎంతమంది రావాలో, ఎక్కడ గుమిగూడాలో ఆటగాళ్ళే నిర్ణయిస్తారు.

అప్పట్లో ఇది పెద్ద సమస్యగా అనిపించకపోవడానికి కారణం ఉంది. ప్రాసెసర్ వేగం ఏటా పెరుగుతూ వచ్చింది కాబట్టి ఇవాళ బరువుగా నడిచే గేము రెండేళ్ళకి తనంతట తనే తేలికవుతుందని అందరూ నమ్మారు. ఈ రకం గేముల్లో ఒకటైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో విడుదలైంది. అదే నెలలో ఇంటెల్ 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెచ్చింది. అంతకు కొన్ని వారాల ముందే 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని తేవడం లేదని ప్రకటించింది కూడా. వేడి, కరెంటు ఖర్చు అదుపు తప్పడంతో గడియారం వేగం పెంచే దారి అక్కడ మూసుకుపోయింది. 2005 మేలో ఇంటెల్, ఏఎమ్‌డీ రెండూ మామూలు కంప్యూటర్ల కోసం రెండు కోర్ల ప్రాసెసర్లు అమ్మడం మొదలుపెట్టాయి. అంటే ఒకే వేగమైన కోర్ మీద నడవడానికి రాసిన గేము బయటికొచ్చిన మరుక్షణం పరిశ్రమ మొత్తం వేరే దారి పట్టింది. గ్రాఫిక్స్ కార్డులకి ఈ బాధ లేదు, వాటి పని మొదటినుంచీ వేల ముక్కలుగా విడగొట్టగలిగినదే కాబట్టి అవి ఏటా పెరుగుతూనే పోయాయి. ఆ రెండింటి మధ్య దూరం అప్పటి నుంచీ పెరుగుతూ వచ్చింది. నా దృష్టిలో ఈ కథకి అసలు మలుపు ఇదే.

కోర్లు పెరిగాయి కదా, పని పంచేస్తే సరిపోదా అంటే, ఆన్‌లైన్ గేములో చాలా పని వరసలోనే జరగాలి. సర్వర్ నుంచి "ఫలానా వాడు దెబ్బ కొట్టాడు" అని వార్త వస్తుంది, దాన్ని బట్టి వాడి భంగిమ మారాలి, ఎదుటివాడి ప్రాణం తగ్గాలి, తల మీది పట్టీ మారాలి, ఇదంతా తేలాక గానీ ఏం గీయాలో తెలియదు. చాలామంది కలిసి ఒక పెద్ద శత్రువు మీద చేసే దాడిలో, అంటే రెయిడ్‌లో, ఈ భాగం ఉబ్బిపోతుంది. ఇరవై మంది, వాళ్ళ పెంపుడు జంతువులు, బాస్, చుట్టూ ఉన్న చిన్న శత్రువులు, ప్రతి దెబ్బా, ప్రతి చికిత్సా, ప్రతి విషపు చుక్కా ఒక్కో సంఘటన. వార్‌క్రాఫ్ట్‌లో ఆటగాళ్ళు పెట్టుకునే యాడాన్లు లువా భాషలో ఉంటాయి, యుద్ధపు వార్తల్ని చదివే యాడాన్‌కి చాలా ఏళ్ళపాటు ప్రతి సంఘటనా చేరేది. ఎవరెంత నష్టం చేశారో చూపించే యాడాన్ ఒకటి ప్రతి దెబ్బకీ మొత్తం పట్టికని మళ్ళీ వరస పెడుతుంటే, ఇంకొకటి అరసెకనుకి ఒకసారే పెడుతుంటే, తెర మీద రెండూ ఒకేలా కనిపించేవి, ప్రాసెసర్‌కి మాత్రం రెండింటికీ చాలా తేడా. బాస్ మీదికి దూకిన మొదటి ఇరవై ముప్పై సెకన్లలో, అందరూ తమ పెద్ద మంత్రాలన్నీ ఒకేసారి వదిలినప్పుడు, ఫ్రేములు కుప్పకూలడం వెనక ఇది చాలాసార్లు ఉండేది.

ఇంజిన్‌లు రాసేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గిల్డ్ వార్స్ 2 2012లో వచ్చింది, డైరెక్ట్‌ఎక్స్ 9 మీదే. పెద్ద యుద్ధాలు జరిగే దాని వరల్డ్ వర్సెస్ వరల్డ్‌లో మొదట్లో సర్వర్ కొంతమంది ఆటగాళ్ళ సమాచారమే పంపేది కాదు, ఎదురుగా వంద మంది సైన్యం ఉన్నా చాలామంది కనిపించేవారు కాదు, కనిపించని కత్తికి చచ్చిపోయి ఆటగాళ్ళు మండిపడ్డారు. 2013 మార్చిలో అది తీసేసి ఎంతమందిని గీయాలో నిర్ణయించుకునే వీలు ఆటగాడి చేతికిచ్చారు. Character Model Limit అనే సెట్టింగ్ తగ్గిస్తే మనుషులు పోయి పేర్లు మాత్రం మిగులుతాయి. చూడ్డానికి బాగోకపోయినా నిజాయితీగల పరిష్కారం అది, శత్రువు ఉన్నాడని కనీసం తెలుస్తుంది.

అసలు చికిత్స డైరెక్ట్‌ఎక్స్ 12తో వచ్చింది. 2015లో వచ్చిన ఈ వెర్షన్‌లో ఒక్కో ఆదేశం ఖర్చు తగ్గింది, అంతకన్నా ముఖ్యంగా ఆదేశాల జాబితాల్ని చాలా కోర్లు ఒకేసారి తయారు చేయగలవు. వార్‌క్రాఫ్ట్ దీన్ని ఆధారం చేసుకుని 2018 డిసెంబర్‌లో 8.1 ప్యాచ్‌తో గీసే పనిని కోర్లకి పంచింది. పుట్టిన పద్నాలుగేళ్ళకి! గిల్డ్ వార్స్ 2 అయితే డైరెక్ట్‌ఎక్స్ 11కి రావడానికే 2021 పట్టింది. నడుస్తున్న గేము ఇంజిన్‌ని మార్చడం అంత తేలిక కాదు.

ఇది ఎంతవరకు పనిచేస్తుందో ఒక ఊహాలెక్కలో చూడండి. కూడలిలో ఒక ఫ్రేముకి ప్రాసెసర్ 28 మిల్లీ సెకన్లు తీసుకుంటోంది, అంటే 36 ఎఫ్‌పీఎస్. అందులో 12 వరసలో జరగాల్సిన పని, 16 ఆదేశాలు తయారుచేసే పని. ఆ 16ని నాలుగు కోర్లకి పంచితే 4 అవుతుంది, మొత్తం 16, ఎఫ్‌పీఎస్ 62కి చేరుతుంది. బ్రహ్మాండం. కానీ ఇంకెన్ని కోర్లు పెట్టినా ఆ 12 కదలదు, 83 దాటలేం. రెయిడ్‌లో ఆ 12 కాస్తా 20 అయితే 50 దగ్గరే ఆగిపోతాం.

ఆ మిగిలిన భాగానికి సాయం అనుకోని చోటునుంచి వచ్చింది. 80 మంది వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. కావలసింది ప్రాసెసర్ లోపలి క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్ళిరావాలి, అందుకు 80 నానోసెకన్లు పట్టిందనుకుంటే 4.5 గిగాహెర్ట్జ్ కోర్ 360 గడియారపు టిక్కులు ఊరికే నిలబడిపోతుంది. 2022 ఏప్రిల్‌లో ఏఎమ్‌డీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో ఎల్3 క్యాష్‌ని 32 నుంచి 96 మెగాబైట్లకి పెంచారు. గడియారం వేగం పాత 5800ఎక్స్ కన్నా కొంచెం తక్కువే అయినా ఈ రకం గేముల్లో అది బాగా ముందుకెళ్ళింది. కాబట్టి ప్రాసెసర్ వేగం అంటే గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు.

మీ దగ్గర ఆగిపోతున్నది ఏదో తేల్చుకోవడానికి టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ శాతం చూసి మోసపోకండి. 8 కోర్లు, 16 థ్రెడ్‌లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా అది మొత్తంలో 6 శాతమే, అందుకే ప్రాసెసర్ 20 శాతమే వాడుతోంది, ఇంకా బోలెడంత ఖాళీ ఉందనిపిస్తుంది. జనం ఉన్న చోట కదలకుండా నిలబడి, కార్డు ఎన్ని పిక్సెళ్ళు గీయాలో నిర్ణయించే రెండర్ స్కేల్‌ని సగానికి దించండి. ఎఫ్‌పీఎస్ మారకపోతే అడ్డం ప్రాసెసరే. బాగా పెరిగితే అడ్డం గ్రాఫిక్స్ కార్డే, 4కే తెర మీద, పాత కార్డుతో, లేదా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న మంత్రాల పొగల మధ్య అలా కూడా జరుగుతుంది. ప్రాసెసర్ అని తేలితే టెక్స్చర్ నాణ్యత తగ్గించడం అనవసరం, దాని భారం ప్రాసెసర్ మీద దాదాపు ఉండదు. నీడలు, చూపు దూరం, కనిపించే మనుషుల సంఖ్య, తలల మీది పట్టీలు, వీటిని తగ్గించండి. రెయిడ్‌కైతే ఒక రాత్రి యాడాన్లన్నీ ఆపేసి అదే బాస్‌ని కొట్టి చూసి, తేడా ఉంటే ఒక్కొక్కటే మళ్ళీ వేసుకుంటూ పోతే ఏది తినేస్తోందో దొరుకుతుంది.