మన చెరువు రొయ్యకు గోదావరి మొగతో ఉన్న లెక్క

పోలవరం నుంచి బనకచర్లకు గోదావరి నీళ్లు మళ్లించే గొడవ మళ్లీ లేచింది. ఏటా 3 వేల టీఎంసీల దాకా గోదావరి నీళ్లు సముద్రం పాలవుతున్నాయని, అందులో 200 టీఎంసీల వరద నీళ్లు మళ్లించుకుంటే తప్పేంటని ఏపీ అంటోంది. గోదావరి నీళ్లు పంచిన 1980 ట్రిబ్యునల్ అవార్డు సంగతేంటి, మా వాటా తేలకుండా ఎట్లా అని మన తెలంగాణోళ్లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను వెనక్కి పంపింది. ఇదంతా అందరికీ తెలిసిందే. కానీ సముద్రంలో కలిసిన నీళ్లు వృథా అనే మాట మాత్రం ఇటువాళ్లూ అనేస్తున్నారు, అటువాళ్లూ అనేస్తున్నారు. ఆ మాట ఎంత తప్పో తెలియాలంటే 1961కి, మలేషియాలోని పెనాంగ్‌కి పోవాలి.

అక్కడ షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త నీలకంఠ రొయ్యలను పెంచాలని చూస్తున్నాడు. పాకాలలో, లక్నవరంలో, రామప్పలో వలకు పడితే ఎక్కువ ధర పలికే మంచినీటి రొయ్య అదే, స్కాంపి అని కూడా అంటారు. తల్లి రొయ్యలు గుడ్లు పెట్టేవి, పిల్లలు బయటికి వచ్చేవి, నాలుగైదు రోజుల్లో అన్నీ చచ్చిపోయేవి. మేత మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఆయన నీళ్లలో సోయా సాస్ పోసి చూశాడని, పిల్లలు అక్కడే చేరి తేరుకున్నాయని చెబుతారు. వాటికి కావలసింది ఉప్పు. నదిలో బతికే ఈ రొయ్య పసితనంలో మాత్రం నదిలో బతకలేదని అప్పుడు తేలింది.

అసలు జరిగేది ఇది. వానాకాలం ప్రవాహంతో పాటు ఆడ రొయ్య కడుపు కింద గుడ్లు మోసుకుంటూ కిందికి దిగుతుంది, పెద్దదైతే ఒక్కసారికి 80 వేల నుంచి లక్ష గుడ్లు. మొదట నారింజ రంగులో ఉండే ఆ గుడ్లు బూడిద రంగుకు తిరిగాయంటే రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయని అర్థం, అప్పటికి ఆమె నది సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉండాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రం వాటికి పనికిరాదు, సుమారు 12 గ్రాములుంటే సరిపోతుంది. అంటే ఒక పాలు సముద్రపు నీళ్లకు దాదాపు రెండు పాళ్ల మంచినీళ్లు. గౌతమి పాయ కోరంగి మడ అడవుల పక్కన సముద్రంలో కలిసే చోట ఆ పాళ్లు కలిపేది గోదావరే, పైనుంచి వచ్చే నీళ్లు తగ్గితే ఉప్పు లోపలికి ఎక్కుతుంది. పిల్లలు అక్కడ మూడు నుంచి ఐదు వారాలు, 11 దశలు దాటి, రొయ్య ఆకారం వచ్చాక ప్రవాహానికి ఎదురు తిరిగి పైకి బయలుదేరతాయి. ఒడ్డు వెంబడి, తడి రాళ్ల మీద పాకుతూ కూడా ఎక్కుతాయి. తడి ఉంటేనే.

ఇక్కడే 1852 గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ డెల్టాకు అన్నం పెట్టాయి, కాదనను. అయితే గేట్లు మూసి కింద నీళ్లు పారని రోజున పిల్ల రొయ్యకు అది దాటలేని గోడ. ఆ పైన పోలవరం, మన వైపు దుమ్ముగూడెం, తుపాకులగూడెం, మేడిగడ్డ. ఇన్ని దాటి ఒక రొయ్య తనంతట తాను భూపాలపల్లి దాకా వస్తుందని నేను అనుకోను.

అందుకే మన చెరువుల్లో ఏటా రొయ్య పిల్లలు వదలాలి. చేప పిల్లలు వదలకపోయినా కొర్రమీను ఏదో మేరకు తనే పెరుగుతుంది, నీలకంఠం పెరగదు. కడుపు కింద గుడ్లున్న రొయ్యలు చెరువులో కనిపిస్తాయి, ఆ గుడ్ల నుంచి పిల్లలూ వస్తాయి, కానీ ఉప్పు అందక వారంలోపే పోతాయి. ముదిరాజ్, గంగపుత్ర సొసైటీలు సీడ్ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేది ఇందుకే. ఆ సీడ్ ఎక్కువగా తీరం దగ్గరి హేచరీల్లో తయారవుతుంది. అక్కడ ట్యాంకులో కరెంటు ఖర్చుపెట్టి చేసేది, మొగ దగ్గర గోదావరి ఊరికే చేసే ఆ నీళ్ల కలయికే.

ఇప్పుడు 200 టీఎంసీల విషయానికి వస్తే, ఉధృతమైన వరద ఉన్న రోజుల్లో ఎంతో కొంత తీసుకుంటే మొగ దగ్గర పెద్ద తేడా రాకపోవచ్చు. వరద మొదలయ్యేటప్పుడు, తగ్గుముఖం పట్టేటప్పుడు తీసుకుంటేనే ఇబ్బంది, రొయ్యకు ప్రవాహం కావలసింది దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కూడా. కాబట్టి మొత్తం ఎన్ని టీఎంసీలు అన్నది ఒక్కటే అడిగితే సరిపోదు, ఏ వారంలో, ధవళేశ్వరం కింద రోజుకు ఎంత వదిలాక తీసుకుంటారని అడగాలి. ఈ ప్రశ్న మన రాష్ట్రం కూడా వేయొచ్చు, పైన మనం కట్టిన బ్యారేజీలకూ అదే వర్తిస్తుంది కనుక జవాబు ఇద్దరూ చెప్పాల్సి ఉంటుంది.