ఒకే స్కాన్‌లో ఆరు బిల్లులు: ఎక్కడ తెంచాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో కూర్చుని చీమకుర్తి, మద్దిపాడు వైపు గ్రానైట్ యూనిట్ల కొనుగోలు బిల్లులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తుంటాను. యూనిట్లలో బిల్లులను ఎవరూ విడివిడిగా స్కాన్ చేయరు. నెలాఖరున కట్ట మొత్తం స్కానర్ ట్రేలో పెట్టి ఒకటే పీడీఎఫ్‌గా పంపేస్తారు. అందులో ఏ బిల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చి, ఒక్కో బిల్లును ఒక్కో రికార్డుగా వేరు చేయడం మా పని. అంకెలు చదవడం కంటే నాకు ఇదే కష్టమనిపిస్తుంది. తెంచడం తప్పితే, ఆ తర్వాత అంకెలను ఎంత బాగా చదివినా అవి వేరే బిల్లు ఖాతాలో పడతాయి.

మాట తేలిగ్గా అర్థం కావడానికి 9 పేజీల స్కాన్ ఒకటి తీసుకుందాం. ఇలాంటిది మాకు వారానికొకటైనా వస్తుంది.

1, 2 పేజీలు: డైమండ్ సెగ్మెంట్లు అమ్మే వ్యాపారి బిల్లు, నంబరు 118. రెండు పేజీల మీదా లెటర్‌హెడ్ ఉంది. 3వ పేజీ ఆ బిల్లు వెనుక అచ్చువేసిన షరతులు. 4వ పేజీ అదే వ్యాపారి బిల్లు 119. 5వ పేజీ దాని సరుకు రవాణాకు తీసిన ఈ-వే బిల్లు. 6వ పేజీ అదే 119కి ట్రాన్స్‌పోర్టర్ కాపీ. 7వ పేజీలో మూడు డీజిల్ బంకు స్లిప్పులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. 8, 9 పేజీలు వేరే వ్యాపారి బిల్లు. 9వ పేజీ మీద లెటర్‌హెడ్ లేదు.

రావలసిన రికార్డులు ఆరు: 118, 119, మూడు స్లిప్పులు, చివరి బిల్లు.

అపోహ: లెటర్‌హెడ్ కనిపిస్తే కొత్త బిల్లు మొదలైనట్టే

ఈ పనికి దిగిన ప్రతివాళ్లకీ మొదట తట్టే ఆలోచన ఇదే. పై స్కాన్ మీద పెట్టి చూడండి. లెటర్‌హెడ్ 1, 2, 4, 6, 8 పేజీల మీద ఉంది. దాన్ని బట్టి తెంచితే 1 ఒక ముక్క, 2-3 ఒక ముక్క, 4-5, 6-7, 8-9 మిగతా ముక్కలు. 118 రెండు ముక్కలైంది. 119 రెండుసార్లు పుస్తకాల్లోకి ఎక్కింది. బంకు స్లిప్పులు ట్రాన్స్‌పోర్టర్ కాపీకి తోకలాగా అంటుకుపోయాయి. ఆరు రికార్డుల్లో సరిగా వచ్చింది చివరిది ఒక్కటే.

చాలా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు బిల్లు ఎన్ని పేజీలైనా ప్రతి పేజీ మీదా అమ్మినవాళ్ల పేరు, జీఎస్టీ నంబరు మళ్లీ అచ్చువేస్తాయి. కాబట్టి లెటర్‌హెడ్ చెప్పేది "ఈ కాగితం ఎవరిది" అన్నది మాత్రమే. "ఇది కొత్తదా" అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

ఒక పేజీని విడిగా చూసి అది మొదటి పేజీయా కాదా అని తేల్చబోతేనే చిక్కు. తెంపు ఉండేది రెండు పేజీల మధ్య. 9 పేజీలంటే 8 సందులు. ప్రతి సందు దగ్గరా ఈ పక్క, ఆ పక్క పేజీలను కలిపి చూసి ఒకే ప్రశ్న వేయాలి: ఈ రెండూ ఒకే బిల్లువా?

దానికి నేను ముందు చూసేది బిల్లు నంబరు, అమ్మినవారి జీఎస్టీ నంబరు. జీఎస్టీ నిబంధనల ప్రకారం అమ్మకందారు బిల్లు నంబరు ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. అందువల్ల ఈ రెండూ కలిస్తే బిల్లుకు తిరుగులేని గుర్తింపు. 4, 6 పేజీలు రెండింటి మీదా 119 ఉంది కాబట్టి అవి ఒకటే బిల్లు. సరుకు బిల్లుకు కొనేవారి కాపీ, ట్రాన్స్‌పోర్టర్ కాపీ, అమ్మేవారి కాపీ అని మూడు ప్రతులు ఉండాలని నిబంధనే చెబుతుంది. కట్టలో రెండోది దొరకడం వింతేమీ కాదు. 5వ పేజీలోని ఈ-వే బిల్లులో కూడా ఏ బిల్లు సరుకో ఆ నంబరు, తేదీ, విలువ ఉంటాయి. దాన్ని 119కి కట్టేది ఆ నంబరే.

3వ పేజీ షరతుల మీద, 9వ పేజీ మీద నంబరు లేదు. అక్కడ వేరే ఆధారం వెతకాలి. 8వ పేజీ కింద "కంటిన్యూడ్" అని ఉందా? వరుస సంఖ్యలు 14 దగ్గర ఆగి 9వ పేజీలో 15తో మొదలయ్యాయా? మొత్తం ఏ పేజీ మీద ఉంది? 8లో మొత్తం లేకుండా 9లో ఉంటే ఆ రెండూ కలిసే ఉండాలి.

అపోహ: బిల్లు నంబరు చదివేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక నెల 60 పేజీల స్కాన్‌లో ఒకే వ్యాపారివి 211, 217 నంబర్ల బిల్లులు వరుసగా ఉన్నాయి. రెండూ ఒక్కో పేజీవే, అచ్చు ఒకటే. రెండో బిల్లులోని 7 మీద రబ్బరు స్టాంపు పడింది, బిల్లులను చదివి విడగొట్టే మా ప్రోగ్రాం దాన్ని 1 అని చదివింది. నంబరు ఒకటే కాబట్టి రెండింటినీ కలిపేసింది. మొత్తాన్ని చివరి పేజీ నుంచి తీసుకునే అలవాటు పెట్టాం కదా, 211 నంబరుకు 217 విలువ చేరింది.

తర్వాతి నెల అకౌంట్స్ చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, 2బీలో 217 ఉంది, మన పుస్తకాల్లో లేదు. 211 ఏమో రెండు చోట్లా ఉంది, కానీ అమౌంట్ కలవట్లేదు." 2బీ అంటే అమ్మినవాళ్లు జీఎస్టీకి చూపించిన బిల్లుల జాబితా. ప్రతి నెలా 14వ తేదీకి వచ్చే ఆ జీఎస్టీఆర్-2బీతో సరిచూసుకుంది కాబట్టి దొరికింది. అదే డీజిల్ స్లిప్పో, జీఎస్టీ లేని చిన్న దుకాణం బిల్లో అయ్యుంటే 2బీలో కనిపించేదే కాదు. ఎప్పటికీ తెలిసేది కాదు.

అప్పటి నుంచి లెక్క సరిచూడకుండా ఏ ముక్కనూ వదలడం లేదు. 118నే చూడండి. మొదటి పేజీలో వస్తువుల విలువ 22,400. రెండో పేజీలో 13,600. కలిపితే 36,000. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 6,480. మొత్తం 42,480. రెండో పేజీ అడుగున అచ్చయిన మొత్తం కూడా 42,480. అంటే 1, 2 పేజీలు కలవాలి, వేరే బిల్లు పేజీ ఏదీ ఇందులోకి రాకూడదు. ఒక్క పేజీ తగ్గినా, పక్క బిల్లు పేజీ ఒకటి చొరబడినా ఈ కూడిక కుదరదు. 211, 217 రోజున ఈ ఒక్క కూడిక చేసి ఉంటే అక్కడే పట్టుబడేది.

5 కోట్లకు పైబడిన టర్నోవర్ ఉన్న వ్యాపారి బిల్లయితే ఇంకా మంచి ఆధారం ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి వాళ్లు ఈ-ఇన్వాయిస్ ఇవ్వాలి, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. అందులో `DocNo` అన్న చోట బిల్లు నంబరు, `TotInvVal` దగ్గర మొత్తం విలువ, `ItemCnt` దగ్గర బిల్లులో ఎన్ని వరుసలున్నాయో ఉంటాయి. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. బిల్లు ఎక్కడ ముగియాలో చెప్పేది అదే. `ItemCnt` 19 అని ఉండి మీ ముక్కలో 14 వరుసలే ఉంటే ఒక పేజీ బయట మిగిలిపోయిందన్నమాట. అయితే కనిపించిన ప్రతి క్యూఆర్‌నూ బిల్లు కింద లెక్కేయకండి. `upi://pay` అని మొదలయ్యేది డబ్బు కట్టించుకునే కోడ్. ఈ-వే బిల్లు మీద కూడా వేరే క్యూఆర్ ఉంటుంది.

అపోహ: 98 శాతం సరిగా వస్తోంది, ఇక టెన్షన్ లేదు

ఆ నెల 60 పేజీల్లో సందులు 59. తప్పింది ఒక్కటి. అంటే 98 శాతానికి పైనే సరి. కానీ ఆ ఒక్క సందు దగ్గర రెండు బిల్లులు పాడయ్యాయి. అందుకే సందుల లెక్క కాకుండా, మొదలు, చివర రెండూ సరిగ్గా పడిన బిల్లులెన్నో లెక్కించాలి.

పైగా రెండు తప్పులూ సమానం కావు. ఒక బిల్లును అనవసరంగా రెండు చేస్తే ఒక ముక్కకు మొత్తం ఉండదు, ఇంకో ముక్కకు కూడిక కుదరదు. చూసేవారికి వెంటనే కనిపిస్తుంది. రెండు బిల్లులను ఒకటి చేస్తే ఒకటి చప్పుడు లేకుండా మాయమవుతుంది. సందేహం ఉన్న చోట ప్రోగ్రాంను తెంచమనే చెబుతాను. తెంచిన చోట గుర్తుపెట్టి మనిషికి చూపించమంటాను.

అపోహ: బిల్లుకూ బిల్లుకూ మధ్య తెల్ల కాగితం పెడితే చాలు

రెండు వైపులా స్కాన్ చేస్తే ఒకవైపే అచ్చయిన ప్రతి కాగితం వెనకా తెల్ల పేజీ వస్తుంది. ఇక ఏది తెంపో తెలియదు. స్కానర్‌లో ఖాళీ పేజీలను తీసేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీరు పెట్టిన తెల్ల కాగితం కూడా పోతుంది. పెద్ద బార్‌కోడ్ అచ్చువేసిన కాగితం పెట్టండి, ప్రతి నెలా వాటినే వాడుకోవచ్చు.

అపోహ: ఒక పేజీలో ఒక బిల్లే ఉంటుంది

7వ పేజీ సంగతి ఇది. బంకు స్లిప్పులు, కాటా చీటీలు చిన్నవి కదా అని స్కానర్ అద్దం మీద మూడు నాలుగు పరిచేస్తారు. స్లిప్పు తెలుపు, స్కానర్ మూత లోపలివైపూ తెలుపే. అంచులు కలిసిపోయి ఏ చీటీ ఎక్కడ ముగిసిందో ప్రోగ్రాంకు కనిపించదు. మా దగ్గర పనికొచ్చిన ఉపాయం ఇది: చీటీలు పరిచాక వాటి మీద నల్ల చార్టు పేపరు పెట్టి మూత వేయమన్నాం. చీటీకీ చీటీకీ సగం అంగుళం ఎడం ఉంచమన్నాం. అంచులు స్పష్టంగా తెలిసి, ఒక్కో చీటీ విడిగా కత్తిరించినట్టు వస్తోంది. కత్తిరించాక ప్రతి ముక్కలో ఒకే తేదీ, ఒకే మొత్తం ఉండాలి. రెండు మొత్తాలు కనిపిస్తే చీటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని అర్థం, మళ్లీ స్కాన్ చేయించాల్సిందే.

అపోహ: విడగొట్టాక అసలు స్కాన్ అక్కర్లేదు

ఉంచాలి. తెంపు తప్పిందని తర్వాత తెలిస్తే సరిచేసుకోవడానికి అదొక్కటే ఆధారం. ప్రతి రికార్డులో అసలు ఫైలు పేరు, పేజీలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది రాసిపెడతాం. qpdf అన్న టూల్‌తో విడగొట్టే పని మాత్రం చిన్నదే:

```
qpdf scan.pdf --pages . 1-3 -- bill-118.pdf
qpdf scan.pdf --pages . 4-6 -- bill-119.pdf
```

అసలు `scan.pdf` చెక్కుచెదరదు.

అపోహ: ఇవన్నీ పెడితే మనిషి చూడక్కర్లేదు

చేతిరాత బిల్లు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. వాటిలో ప్రతి కాగితానికీ నంబరు ముందే అచ్చయి ఉంటుంది. వస్తువులు ఎక్కువైతే దుకాణదారు పక్క కాగితం మీద కొనసాగించి, మొత్తం అక్కడ రాస్తాడు. నంబర్లు రెండు, కొనుగోలు ఒకటి. నంబరు చూస్తే తెంచాలి, కూడిక చూస్తే కలపాలి. ఇలాంటి జత వస్తే మా ప్రోగ్రాం తనంతట తాను ఏదీ తేల్చకుండా రెండు పేజీలనూ పక్కపక్కన చూపించి ఆగుతుంది. మేం దుకాణానికి ఫోన్ చేసి, వాళ్లు దాన్ని ఏ నంబరు మీద లెక్కలో చూపించారో కనుక్కుని రికార్డు చేస్తాం.