నలుగురి కూర వందమందికి వండితే ఉప్పెందుకు తప్పుతుంది?

ఇంట్లో నలుగురికి వండే కూరని పెళ్లిలో వందమందికి వండాలంటే అన్నీ 25 రెట్లు వేస్తే సరిపోవాలి. బంగాళాదుంపలకి, టమాటాలకి ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఉప్పు, మసాలాల దగ్గరికి వచ్చేసరికి తేడా కొడుతుంది. "వాటికి లెక్క ఉండదు, చేతివాటమే" అంటారు పెద్దవాళ్లు. నిజానికి లెక్క ఉంది. కాకపోతే మనం మనుషుల్ని లెక్కపెడుతున్నాం, లెక్కపెట్టాల్సింది నీళ్లని.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఉప్పు రెట్టింపయితే నాలుకకి రుచి రెట్టింపుగా అనిపించదని, అందుకే పెద్ద వంటలో లెక్క మారుతుందని కొందరు చెబుతారు. మొదటి మాటలో నిజం ఉన్నా, ఇక్కడ దానికి పనిలేదు. నాలుకకి తెలిసేది ఒక ముద్దలో ఉప్పు ఎంత గాఢంగా ఉందన్నదే. ఆ ముద్ద చిన్న గిన్నెలోంచి వచ్చిందా, గుండిగలోంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. తినేటప్పుడు కూరలో నూటికి ఒక వంతు ఉప్పుంటే రెండుచోట్లా ఒకే రుచి. కాబట్టి తేడా నాలుకలో లేదు, గిన్నెలో ఉంది.

ఒక లెక్క చేసి చూద్దాం. ఇంటి కూరలో దుంపలు, టమాటాలు, ఉల్లిపాయలు, నూనె అన్నీ కలిపి ఒక కిలో అనుకోండి. నీళ్లు అర లీటరు, ఉప్పు 12 గ్రాములు. అరగంట ఉడికేసరికి 300 మిల్లీలీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి. మిగిలేది 1.2 కిలోల కూర, అందులో ఉప్పు సరిగ్గా ఒక శాతం.

ఇప్పుడు అన్నీ 25 రెట్లు. సరుకు 25 కిలోలు, నీళ్లు 12.5 లీటర్లు, ఉప్పు 300 గ్రాములు. ఇంట్లోలాగే జరిగితే ఏడున్నర లీటర్లు ఆవిరై 30 కిలోల కూర మిగలాలి. కానీ ఆవిరి పోయేది పైనున్న వెడల్పులోంచే. అదే ఆకారంలో 25 రెట్లు పట్టే గిన్నె తీసుకుంటే దాని అడ్డం మూడు రెట్లు కూడా పెరగదు, పైభాగం వైశాల్యం దాదాపు ఎనిమిదిన్నర రెట్లే పెరుగుతుంది. అంటే 20 సెంటీమీటర్ల గిన్నె 58 సెంటీమీటర్ల గుండిగ అవుతుంది, లోతు కూడా ఆ మేరకే పెరుగుతుంది. సన్నగా కుతకుతలాడుతున్న అరగంటలో ఆ గుండిగలోంచి పోయేది సుమారు 2.6 లీటర్లు. దాదాపు ఐదు లీటర్ల నీళ్లు అదనంగా మిగిలిపోయాయన్నమాట.

వంటాయన రుచి చూస్తాడు. ఇప్పుడున్నది 35 కిలోలు, ఉప్పు 300 గ్రాములే, అంటే 0.86 శాతం. చప్పగా ఉందని ఇంకో 50 గ్రాములు వేస్తాడు. రుచి కుదురుతుంది, ఆ నిమిషానికి ఆయన చేసింది తప్పు కాదు. కానీ కూర పల్చగా ఉంది, వడ్డిస్తే విస్తరిలో పారుతుంది. దగ్గరపడనిద్దామని ఇంకో గంట పొయ్యి మీద ఉంచుతాడు. ఐదు లీటర్లు పోతాయి కానీ ఉప్పు ఆవిరి కాదు. మిగిలిన 30 కిలోల్లో 350 గ్రాముల ఉప్పు, 1.17 శాతం. ఉండాల్సిన దానికంటే ఆరో వంతు ఎక్కువ. ఈలోగా దుంపలు మెదిగి గుజ్జయిపోతాయి, అది వేరే బాధ.

దీనికి విరుగుడు ఉప్పు తగ్గించడం కాదు, నీళ్లు తగ్గించడం. ఇదే కూరకి 12.5 లీటర్ల బదులు ఏడున్నర లీటర్లు పోస్తే అరగంటకి 30 కిలోలే మిగులుతుంది, 300 గ్రాముల ఉప్పూ సరిపోతుంది. వెడల్పాటి గిన్నె అయితే ఇంకాస్త నీళ్లు పట్టవచ్చు, లోతుగా ఉంటే ఇంకా తక్కువ. అందుకే మొత్తం ఉప్పు ముందే వేసెయ్యకుండా ముప్పావు వంతు వేసి, చిక్కదనం కుదిరాక మిగతాది కలపాలి. చిక్కబడకముందు చూసిన రుచిని నమ్మకూడదు.

అసలు ఆ 12 గ్రాములు ఎక్కడినుంచి వచ్చాయన్నదీ చూసుకోవాలి. ఇంటి వంటలో కొలత చెంచా, లేదా చిటికెడు. గోపురంగా తీసిన చెంచాకి, తలకొట్టిన చెంచాకి దాదాపు రెట్టింపు తేడా రావచ్చు. కల్లుప్పుకి, మెత్తటి ఉప్పుకి చెంచా బరువే వేరు. ఇంట్లో రెండు గ్రాములు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు, దాన్ని 25తో గుణిస్తే 50 గ్రాములు. వంట చేసే అత్తయ్యని "ఎంత ఉప్పు వేస్తావు?" అని అడిగితే "చూసి వేస్తాను" అంటుంది. అడగకండి. ఆవిడ వండే ముందు ఉప్పు డబ్బాని తూచి, వండాక మళ్లీ తూచండి. తేడా ఎంతో అదే ఆవిడ కొలత. వండిన కూరని కూడా తూచుకుంటే శాతం చేతికొస్తుంది.

మసాలాల సంగతికొస్తే, కారం ఉప్పుతోపాటే నడుస్తుంది. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అంత సులువుగా ఆవిరి కాదు, కాబట్టి దాన్ని పూర్తయిన కూర బరువుతో లెక్కపెట్టుకుంటే చాలు. కానీ లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు వేరే జాతి. వాటి వాసన ఇచ్చే పదార్థాలు ఆవిరితోపాటు గాల్లోకి పోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు కూరలోంచి పోయినట్టే. పెద్ద గిన్నెలో కిలో కూరకి వచ్చే పైభాగం మూడో వంతే కాబట్టి పోయేదీ తక్కువే.

దానికితోడు సమయం. పెద్ద గిన్నె మరగడానికే చాలాసేపు పడుతుంది, దించాక చల్లారడానికి ఇంటి గిన్నెకంటే దాదాపు మూడు రెట్లు పడుతుంది. ఆ వేడిలో నానుతున్నంతసేపూ లవంగం తన ఘాటుని వదులుతూనే ఉంటుంది. దించినప్పుడు సరిగ్గా ఉన్న కూర రెండు గంటల తర్వాత వడ్డించేసరికి లవంగం తప్ప ఇంకేమీ తెలియకుండా, నాలుక మొద్దుబారేలా తయారవుతుంది. నేనైతే 25 రెట్లకి బదులు 15 రెట్లతో మొదలుపెడతాను, అదీ పల్చటి గుడ్డలో మూటకట్టి. ఘాటు చాలనిపించగానే మూట తీసెయ్యొచ్చు. తక్కువైతే చివర్లో కాస్త పొడి చల్లుకోవచ్చు. గుండిగలోంచి లవంగాలు ఏరడం మాత్రం ఎవరి తరమూ కాదు.

రుచి చూసేటప్పుడు ఇంకో మోసం ఉంది. వందమందికి తరగాలంటే విసుగొచ్చి ముక్కలు పెద్దవిగా కోసేస్తారు. ఉప్పు ముక్క నడిమధ్యకి చేరే సమయం ముక్క మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ముక్క రెట్టింపు మందమైతే నాలుగు రెట్ల సమయం. పులుసు ఉప్పగా, దుంప చప్పగా ఉంటే ఉప్పు లెక్క తప్పలేదు, ఇంకా లోపలికి చేరలేదంతే. పులుసునొక్కదాన్నే కాకుండా ముక్కని కూడా కోసి తిని చూడాలి. అంతకుముందు గరిటె అడుగుదాకా పెట్టి తిప్పాలి, ఎందుకంటే వేసిన ఉప్పు బాగా కలవకపోతే పెద్ద గిన్నెలో అడుగునే ఉండిపోతుంది.

ఇన్ని చేసినా ఉప్పు ఎక్కువైతే? ఒక పచ్చి దుంప వేస్తే ఉప్పుని పీల్చేస్తుందంటారు. దుంప ఉప్పుని ఏరుకుని పీల్చదు, ఉప్పునీళ్లని పీలుస్తుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. 30 కిలోల్లో 350 గ్రాముల ఉప్పు ఉన్నప్పుడు మళ్లీ ఒక శాతానికి రావాలంటే కూర 35 కిలోలు కావాలి. అంటే ఉప్పు లేకుండా ఉడికించిన దుంపలు, టమాటాలు ఐదు కిలోలు అప్పటికప్పుడు కలపాలి. వాటిని విడిగా ఉడికించి పక్కన సిద్ధంగా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. అవసరం రాకపోతే రాత్రికి ఇంటివాళ్లకి వేపుడు చేసుకోవచ్చు.