సింగిల్ కాలమ్ వార్త, పొట్టి హెడ్డింగ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

జిల్లా పేజీల డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చాలా ఏళ్లుగా చేస్తున్న పని ఒకటే. ఊళ్ల నుంచి వార్తలు రాసే కంట్రిబ్యూటర్లు పంపిన పెద్ద కాపీని చిన్న వార్తగా తిరగరాసి, దానికి పొట్టి హెడ్డింగ్ పెట్టడం. కొత్తగా డెస్క్‌లో చేరినవాళ్లు ఈ పని గురించి కొన్ని నమ్మకాలు పట్టుకుని వస్తారు. కొన్నింటిని నేనూ నమ్మాను. అవి ఎందుకు తప్పో ఇక్కడ ఉదాహరణలతో చెబుతాను.

అపోహ: చిన్న వార్త అంటే పెద్ద వార్తను కింద నుంచి కత్తిరించడమే.

వాస్తవం: కత్తిరిస్తే వార్త చిన్నదవుతుంది, కానీ బిగువు రాదు. వదులు పేరాల్లో కాదు, వాక్యంలోనే ఉంటుంది. కంట్రిబ్యూటర్ కాపీ సాగి ఉండటానికి కారణమూ ఉంది. చాలా పత్రికల్లో వాళ్లకు జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి ‘లైన్ అకౌంట్’ ఇస్తారు. అందుకని వాళ్లను తప్పుపట్టను. దాన్ని బిగించాల్సింది డెస్కే.

ఇలాంటి కాపీ ఒకటి వచ్చిందనుకోండి. ఇది నేను ఉదాహరణ కోసం రాసింది. అయితే డెస్క్‌లో పనిచేసినవాళ్లు ఈ వాక్యాలను గుర్తుపడతారు.

> మండల కేంద్రంలోని తహసీల్దార్ కార్యాలయంలో సర్వేయర్‌గా విధులు నిర్వహిస్తున్న వ్యక్తి ఓ రైతు వద్ద నుంచి పన్నెండు వేల రూపాయల నగదును లంచంగా స్వీకరిస్తుండగా మంగళవారం మధ్యాహ్నం అవినీతి నిరోధక శాఖ అధికారులు వలపన్ని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవడం జరిగింది. ఏసీబీ డీఎస్పీ తెలిపిన వివరాల ప్రకారం.. సదరు రైతు తనకున్న రెండెకరాల భూమికి సర్వే నిర్వహించి హద్దులు చూపాల్సిందిగా దరఖాస్తు చేసుకోగా, సర్వేయర్ ఇరవై వేలు డిమాండ్ చేశారని, చివరకు పన్నెండు వేలకు ఒప్పందం కుదిరిందని, దీంతో రైతు ఏసీబీని ఆశ్రయించారని తెలిపారు. సర్వేయర్ చేతులకు రసాయన పరీక్ష నిర్వహించగా గులాబీ రంగులోకి మారాయని, నిందితుడిని అదుపులోకి తీసుకున్నామని పేర్కొన్నారు.

మొదటి వాక్యమే 28 మాటలు. ‘విధులు నిర్వహిస్తున్న వ్యక్తి’ అన్నది అక్కర్లేదు, సర్వేయర్ అంటే చాలు. ‘వద్ద నుంచి’లో ‘వద్ద’ దండగ. ‘నగదును లంచంగా స్వీకరిస్తుండగా’ అంటే లంచం తీసుకుంటుండగా. ‘పట్టుకోవడం జరిగింది’ అన్నచోట పట్టుకున్నవాళ్లే కనిపించకుండా పోయారు. ‘సదరు’ స్టేషన్ రికార్డుల నుంచి వచ్చిన మాట. పేజీలో దానికి పని లేదు.

గులాబీ రంగు వాక్యాన్ని నేనైతే తీసేస్తాను. నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పట్టుకున్నాక చేతులను సోడియం కార్బొనేట్ ద్రావణంలో కడిగిస్తే ఆ ద్రావణం గులాబీ రంగులోకి మారుతుంది. ఇలాంటి ట్రాప్ వార్తల్లో మళ్లీ మళ్లీ వచ్చే వివరమే కాబట్టి, దీంతో పాఠకుడికి ఈ కేసు గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. రెండెకరాలు, ఇరవై వేల నుంచి పన్నెండు వేలకు దిగిన బేరం మాత్రం ఈ కేసుకే చెందినవి. అవి ఉండాలి. ఏది ఉంచాలో ఇలా తేల్చుకున్నాక వార్తను మొదటి నుంచి కొత్తగా రాయాలి:

> భూమి సర్వే కోసం రైతు నుంచి రూ.12 వేల లంచం తీసుకుంటున్నారన్న ఆరోపణపై మండల సర్వేయర్‌ను ఏసీబీ అధికారులు మంగళవారం పట్టుకున్నారు. రెండెకరాలకు హద్దులు చూపాలని రైతు దరఖాస్తు చేయగా, సర్వేయర్ రూ.20 వేలు అడిగి, చివరకు రూ.12 వేలకు ఒప్పుకొన్నారని డీఎస్పీ తెలిపారు. రైతు ఫిర్యాదుతో వల పన్నామని, నిందితుడిని అదుపులోకి తీసుకున్నామని చెప్పారు.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. ‘అదుపులోకి తీసుకున్నారు’ అనేది పొడుగ్గా ఉందని ‘అరెస్టు చేశారు’ అని మారుస్తారు. రెండూ ఒకటి కాదు. అదుపులోకి తీసుకున్న మనిషిని ప్రశ్నించి వదిలేయవచ్చు. కాపీలో అరెస్టు లేకపోతే మన వార్తలోనూ ఉండకూడదు. అనుమానం ఉంటే కంట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి అడగాలి. పేజీ వదిలే టైమ్ దగ్గర పడుతుంటే టెన్షన్ ఉంటుంది, నిజమే. అడగడానికి వీలు కాకపోతే పొడుగు మాటనే ఉంచాలి.

అపోహ: హెడ్డింగ్‌కు వ్యాకరణం ఉండదు. విభక్తులు తీసేస్తే జాగా కలిసొస్తుంది.

వాస్తవం: హెడ్డింగ్‌కు వ్యాకరణం ఉంది, పైగా గట్టిగా ఉంది. మామూలు వాక్యంలో చివర క్రియ ఉంటుంది. హెడ్డింగ్‌లో దాన్ని రెండు రకాలుగా తీసేస్తాం. ఒకటి, క్రియలో నామవాచకం ఉంచి మిగతాది వదిలేయడం. ‘ఫలితాలు విడుదల’ అంటే ‘అయ్యాయి’ అన్నది పాఠకుడే కలుపుకొంటాడు. రెండోది, మొత్తాన్ని ఒకే నామంగా మార్చడం: ‘ఫలితాల విడుదల’. ‘ఇద్దరు మృతి’ సరైనదా, ‘ఇద్దరి మృతి’ సరైనదా అని డెస్కుల్లో వాదనలు జరిగేది ఇందుకే. మొదటిది ‘చెందారు’ వదిలేసిన వాక్యం, రెండోది నామం. నేను రెండోదే రాస్తాను, అది దేన్నీ ఊహించుకోమని అడగదు. మొదటిది రాసినవాళ్లది తప్పని మాత్రం అనను.

క్రియ పోయాక ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అనేది చెప్పే భారం విభక్తుల మీదే పడుతుంది. ‘రైతుల దాడి’ అంటే రైతులు దాడి చేశారని అర్థం. ‘రైతులపై దాడి’ అంటే రైతులు దెబ్బలు తిన్నారని. తేడా ఒక్క ‘పై’. ‘పులి చంపిన రైతు’, ‘పులిని చంపిన రైతు’ తీసుకోండి, చచ్చింది ఎవరో ఒక్క ‘ని’ తేల్చేస్తుంది. ‘భర్త హత్య’లో భర్త చనిపోయాడా, చంపాడా అన్నది పాఠకుడు వార్త చదివితే గానీ తెలియదు. ‘భార్యను చంపిన భర్త’ అనో, ‘భార్య చేతిలో భర్త హతం’ అనో రాస్తే ఆ గొడవ ఉండదు.

నేను చేరిన మొదటి ఏడాది ఇలాంటిదే ఒక ‘పై’ తీసేశాను. అక్షరాలు లైన్ దాటుతున్నాయని, ఒక్క అక్షరమే కదా అని తీశాను. దెబ్బలు తిన్నవాళ్లే దాడి చేసినట్టు అచ్చయింది. మర్నాడు ఉదయం ఆ ఊరివాళ్లు పేపర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. లోపల వార్త సరిగ్గానే ఉందని చెప్పాను. అందులో ఒక పెద్దాయన, ‘‘మా ఊళ్లో పేపరు తెప్పించేది హోటల్ ఒక్కటే బాబూ, అక్కడ అందరూ చూసేది పైమాటే’’ అన్నారు. మూడో రోజు సవరణ వేశాం. అది చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున వచ్చింది. ఆ తర్వాత జాగా చాలకపోతే విశేషణం తీశాను, ఊరి పేరు వార్త మొదట్లో ఉండే డేట్‌లైన్‌కు వదిలేశాను, అక్షరం సైజు ఒక పాయింట్ తగ్గించమని పేజీలు పెట్టే పేజినేషన్‌లో అడిగాను. విభక్తి జోలికి మాత్రం పోలేదు.

జాగా లెక్క గురించి ఒక మాట. కీబోర్డు మీద ఎన్నిసార్లు నొక్కామన్నది లెక్క కాదు, అక్షరాలు లెక్క. ‘ఏసీబీ వలలో సర్వేయర్’లో పది అక్షరాలు. మా సింగిల్ కాలమ్‌లో ఒక లైన్‌కు ఇంచుమించు అంతే పడతాయి. అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు. ‘ఘ’, ‘య’, ‘మ’ జాగా ఎక్కువ తింటాయి, ‘ర’ తక్కువ తింటుంది. రెండు లైన్ల హెడ్డింగ్‌లో పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకు తగులుతాయి. అందుకే పై లైన్‌లో ‘రాష్ట్ర’ లాంటి మాట, సరిగ్గా దాని కింద ‘కీ’, ‘మీ’ లాంటి అక్షరం వస్తే ఒక మాట మార్చుకోవడమే మంచిది.

అపోహ: పంచ్ లేకపోతే హెడ్డింగ్ కాదు.

వాస్తవం: పంచ్ ఎక్కువసార్లు ప్రాస నుంచి కాకుండా సరైన నామం నుంచి వస్తుంది. ‘బోల్తా’, ‘దగ్ధం’, ‘స్వాహా’, ‘ఢీ’ లాంటివి ఒక్క మాటలో బొమ్మ కట్టిస్తాయి. మన సర్వేయర్ వార్తకు ‘లంచగొండి సర్వేయర్‌కు సంకెళ్లు’ అని రాస్తే పంచ్ ఉంటుంది. కానీ అతను లంచగొండి అని కోర్టు ఇంకా తేల్చలేదు, సంకెళ్లు వేశారని కాపీలోనూ లేదు. ‘ఏసీబీ వలలో సర్వేయర్’ అంతే పొట్టిగా ఉంటుంది, జరిగినంతే చెబుతుంది. డబుల్ కాలమ్ ఇస్తే కింద ‘రైతు నుంచి రూ.12 వేలు తీసుకున్నారని ఆరోపణ’ అని డెక్, అంటే ఉపశీర్షిక పెడతాను.

చావు వార్తల దగ్గర పంచ్‌కు చోటే లేదు. ముఖ్యంగా ఆత్మహత్యల విషయంలో. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి వార్తను ప్రముఖంగా వేయొద్దు, ఎలా చనిపోయారో వివరించొద్దు, సంచలన హెడ్డింగ్ పెట్టొద్దు అన్నవి అందులో ఉన్నాయి. మన కుదింపు అలవాటు ఇక్కడ సరిగ్గా వ్యతిరేక దిశలో లాగుతుంది. ‘మార్కులు తగ్గాయని..’ అని మొదలుపెట్టి పద్ధతి పేరుతో ముగించడం డెస్క్ చేతికి అలవాటైపోయింది. అందులో ఒక జీవితం మొత్తానికి ఒకే కారణం అంటగట్టేశాం, పద్ధతీ చెప్పేశాం. నేను ‘ఇంటర్ విద్యార్థి మృతి’ దగ్గర ఆగిపోతాను. చప్పగా ఉందని ఎవరైనా అంటే ఉండనివ్వమంటాను.

అపోహ: ఒంటి కొటేషన్ మార్కులు, ప్రశ్నార్థకం పెడితే ఏమైనా రాయొచ్చు.

వాస్తవం: ‘నిధులు స్వాహా?’ అని రాసినా పాఠకుడి మనసులో పడేది స్వాహాయే. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒక మనిషి పరువుకు భంగం కలిగే ఆరోపణను ప్రశ్నలా అడిగినంత మాత్రాన దాన్నుంచి తప్పించుకున్నట్టు కాదు. ఆరోపణ ఎవరిదో చెప్పడానికి జాగా ఉంటే కొటేషన్ మార్కులు అక్కర్లేదు. జాగా లేకపోతే ‘నిధులపై విచారణ’ లాంటి, రుజువున్న మాట దగ్గరే ఆగాలి.

అపోహ: రోజు పేరు కన్నా ‘నేడు’, ‘రేపు’ పొట్టివి, అవే వాడాలి.

వాస్తవం: హెడ్డింగ్‌లో వాడొచ్చు, కానీ లెక్క పాఠకుడి ఉదయం నుంచి వేయాలి. కంట్రిబ్యూటర్ సోమవారం సాయంత్రం ‘రేపు కరెంటు కోత’ అని పంపుతాడు. పేపర్ మంగళవారం ఉదయం ఇంటికి చేరుతుంది. అది ‘నేడు’ కావాలి. మార్చడం మరిచిపోతే ఆ ఊరివాళ్లు బుధవారానికి సిద్ధమవుతారు, కరెంటు మంగళవారమే పోతుంది. అందుకే నేను హెడ్డింగ్‌లో ‘నేడు’ పెట్టినా లోపల ‘మంగళవారం ఉదయం 9 నుంచి’ అని రోజు పేరు తప్పకుండా రాస్తాను. పేజీ వదిలే ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి మరోసారి చూస్తాను.