రాగ్‌డాల్: మనిషి పడినట్టు పడాలంటే (అపోహలు - వాస్తవాలు)

గేమ్‌లో తూటా తగిలిన కాపలావాడు మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పడతాడు. ఆ పడటాన్ని యానిమేటర్ చేసిపెట్టలేదు. అప్పటిదాకా యానిమేషన్ నడిపిన ఒంటిని ఆ క్షణంలో ఫిజిక్స్‌కి అప్పగిస్తాం. అలా అప్పగించిన ఒంటినే రాగ్‌డాల్ అంటారు. తల, ఛాతీ, తొడ, పిక్క ఇలా పదిహేను దాకా గట్టి ముక్కలు, వాటి మధ్య కీళ్లు. పైన కనిపించే చర్మం వాటినే అనుసరిస్తుంది.

అపోహ: యానిమేషన్ ఆపి ఫిజిక్స్ ఆన్ చేస్తే చాలు.

ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే. సెకనుకు 5 మీటర్ల వేగంతో పరిగెత్తేవాణ్ని ఉన్నపళంగా ఫిజిక్స్‌కి ఇస్తే, ఆ ముక్కలకు పాత వేగం తెలియదు, సున్నా నుంచి మొదలవుతాయి. మనిషి ముందుకు బోర్లా పడాల్సింది పోయి ఉన్నచోటే బియ్యం బస్తాలా కూలిపోతాడు. అందుకే ఒక్కో ముక్క కిందటి ఫ్రేమ్‌లో ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వేగం మనమే ఇవ్వాలి. p0 కిందటి ఫ్రేమ్‌లో ఉన్న చోటు, p1 ఇప్పుడున్న చోటు, dt ఆ రెంటి మధ్య సమయం:

```
v = (p1 - p0) / dt
```

సెకనుకు 60 ఫ్రేములైతే, ఒక ఫ్రేమ్‌లో 10 సెంటీమీటర్లు కదిలిన చేతి వేగం సెకనుకు 6 మీటర్లు. తిరిగే వేగాన్నీ ఇలాగే లెక్కకట్టి ఇవ్వాలి. నేను మొదటిసారి ఈ స్థానాలను ప్రపంచంలో కాకుండా పాత్ర కాళ్ల దగ్గరి బిందువు నుంచి కొలిచాను. చేతులు బాగానే ఊగాయి, ఒళ్లు మాత్రం నిలువునా కూలింది. కారణం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది.

అపోహ: నిజమైన బరువులు ఇస్తే నిజంగా పడతాడు.

75 కిలోల మనిషి అరచేయి అరకిలో కూడా ఉండదు, మొండెం దాదాపు సగం బరువు. ఇప్పుడా చేయి మెట్ల కటకటాల్లో ఇరుక్కుని ఒళ్లంతా దానికే వేలాడిందనుకోండి. ఫిజిక్స్ లెక్కలు కట్టే సాల్వర్, లెక్కలోని ప్రతి అడుగులోనూ కీళ్లను కొన్నిసార్లే సరిదిద్దుతుంది. తేలిక ముక్క బరువైనదాన్ని మోయాల్సి వస్తే ఆ కొన్నిసార్లు చాలవు, మణికట్టు రబ్బరులా సాగుతుంది. మేం అరచేతిని ముంజేతిలో కలిపేసి, మొండెం బరువులో కొంత చేతులకు మళ్లిస్తాం. పక్కపక్క ముక్కల బరువుల్లో తేడా పది రెట్లు దాటకుండా చూసుకుంటాం. అబద్ధపు బరువే కానీ కంటికి నిజంలా ఉంటుంది!

అపోహ: చచ్చినవాడి కీళ్లు వదులుగా ఉంటే సరిపోతుంది.

మోకాలు వెనక్కే మడవాలి, అదీ 130 డిగ్రీల దాకానే. ఈ హద్దు లేకపోతే గుడ్డబొమ్మే. హద్దులు పెట్టినా, తూటా తగిలిన మరుక్షణమే ఒళ్లంతా జావగారిపోతే నమ్మబుద్ధి కాదు. అందుకని కీళ్లలో మోటార్లు పెట్టి, ఆఖరి భంగిమను కాస్త పట్టి ఉంచి, ఆ బిగువును అర సెకనులో సున్నాకు దించుతాం. మరీ నెమ్మదిగా దించితే కొయ్యబొమ్మలా బిగుసుకుని పడతాడు. పావు వేగంలో ఆడించి మెడను చూడండి. తల ఒంటితో పాటే వంగకుండా ఒక పిసరు ఆలస్యంగా వాలితే బిగువు సరిగ్గా కుదిరినట్టే.