ప్లేట్ మీద విడిపోయిన పసుపు, కాలమ్‌లో ఎందుకు కలిసిపోయింది?

హనుమకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నిజామాబాద్ పసుపు కొమ్ముల పొడి నుంచి రంగు తీసి, డైక్లోరోమీథేన్‌లో కొద్దిగా మిథనాల్ కలిపి టీఎల్‌సీ నడిపింది, అంటే సిలికా పూసిన ప్లేట్ మీద రంగు చుక్క పెట్టి సాల్వెంట్‌ను పైకి పాకనిచ్చింది. మూడు పసుపుపచ్చ స్పాట్లు వచ్చాయి. ఆర్‌ఎఫ్ విలువలు పైనుంచి 0.70, 0.60, 0.40. చక్కగా విడిపోయాయి కదా అని అదే సాల్వెంట్‌తో కాలమ్, అంటే సిలికా నింపిన గొట్టం, నడిపితే మొదటి రెండూ ఒకే టెస్ట్ ట్యూబుల్లో పడ్డాయి. "నా హస్తవాసి మంచిది కాదేమో సార్" అంది. ల్యాబుల్లో ఈ హస్తవాసి నమ్మకం గట్టిగానే ఉంది. తప్పు చేతిది కాదు, లెక్కది.

ఆర్‌ఎఫ్ అంటే స్పాట్ పోయిన దూరాన్ని సాల్వెంట్ పోయిన దూరంతో భాగించడం అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ అంకెతో తర్వాత ఏం చేయాలో ప్రాక్టికల్స్‌లో ఎవరూ అడగరు. నిజానికి అది అణువు తన సమయంలో ఎంత భాగం సాల్వెంట్‌లో గడుపుతుందో చెప్పే అంకె. 0.25 అంటే పావు వంతు ప్రయాణం, ముప్పావు వంతు సిలికాను పట్టుకుని కూర్చోవడం.

వరంగల్ నుంచి కరీంనగర్ పోయే బస్సులు అనుకోండి. రోడ్డు మీద అన్నింటి వేగం ఒకటే. తేడా అంతా స్టాపుల్లో ఆగే సమయంలోనే. ఎక్కడా ఆగని బస్సు, అంటే సాల్వెంట్, గంటలో చేరుతుందనుకుందాం. అది చేరగానే మిగతా బస్సులు ఎక్కడున్నాయో ఫొటో తీస్తే అదే టీఎల్‌సీ. కరీంనగర్ బస్టాండ్‌లో నిలబడి ఒక్కో బస్సు ఎప్పుడొచ్చిందో రాసుకుంటే అది కాలమ్. ఫొటోలో 0.70, 0.60 దగ్గరున్న బస్సుల మధ్య ఎడం బాగానే కనిపిస్తుంది. కానీ మొదటిది 1 ÷ 0.70 గంటలకు, అంటే 86 నిమిషాలకు వస్తుంది, రెండోది 100 నిమిషాలకు. తేడా 14 నిమిషాలే. అదే ఎడంతో 0.25, 0.15 దగ్గరున్న బస్సులైతే? ఒకటి 4 గంటలకు, రెండోది 6 గంటల 40 నిమిషాలకు. ఫొటోలో అదే 0.10 తేడా, బస్టాండ్‌లో 2 గంటల 40 నిమిషాలు!

ఇప్పుడు గంట బదులు కాలమ్ వాల్యూమ్ పెట్టండి, అంటే సిలికా మధ్య ఖాళీల్లో పట్టే సాల్వెంట్. అది 50 మి.లీ. అనుకుంటే, ఆమె మొదటి రంగు 71 మి.లీ. దగ్గర, రెండోది 83 మి.లీ. దగ్గర దిగుతాయి. పట్టేది 10 మి.లీ. ట్యూబుల్లో. ఒక్క ట్యూబు ఎడంలో రెండు రంగు పట్టీలు ఎలా విడిపోతాయి? మిథనాల్ తగ్గించి వాటిని 0.25, 0.15కి దించితే 200 మి.లీ., 333 మి.లీ. దగ్గర వస్తాయి. ఆలస్యమయ్యే కొద్దీ పట్టీ వెడల్పవుతుంది, నిజమే. అయినా 133 మి.లీ. ఎడం దాన్ని భరిస్తుంది. మరీ 0.05కి దించితే మాత్రం 20 కాలమ్ వాల్యూములు, లీటరు సాల్వెంట్, అందులో పలచగా పరుచుకున్న రంగు. గాలి ఒత్తిడితో కాలమ్‌ను వేగంగా నడిపే ఫ్లాష్ క్రొమాటోగ్రఫీని 1978లో పరిచయం చేసిన స్టిల్ బృందం ప్లేట్ మీద 0.35 దగ్గర ఉండేలా సాల్వెంట్ ఎంచుకోమంది. కష్టమైన జంటలకు నేను ఇంకాస్త కిందికే పోతాను.

ఆ మూడు స్పాట్ల వరుస కూడా చూడదగ్గదే. అన్నింటికన్నా పైది కర్‌క్యుమిన్. దానికి ఒక్కో ఆక్సిజన్ ఉన్న మీథాక్సీ గుంపులు రెండు, మధ్యదానికి ఒకటి, కిందిదానికి అసలు లేవు. ఆక్సిజన్లు ఎక్కువున్నది సిలికాను ఎక్కువ పట్టుకోవాలి కదా? ఇక్కడ తిరగబడింది. మీథాక్సీ పక్కనే ఉన్న హైడ్రాక్సిల్ దానితోనే హైడ్రోజన్ బంధం పెట్టుకుంటుంది కాబట్టి సిలికాకు అంతగా దొరకదు. కిందిదానికి రెండు హైడ్రాక్సిళ్లూ ఖాళీ, అందుకే ప్రతి స్టాపులో ఎక్కువసేపు ఆగుతుంది.

అందుకని ఆ అమ్మాయికి చెప్పింది ఇది. 1 శాతం మిథనాల్‌తో మొదలుపెట్టు, ప్లేట్ మీద కర్‌క్యుమిన్ 0.25 దగ్గరికి వచ్చిందో లేదో ముందు చూసుకో. కాలమ్‌లో పట్టీలు కంటికే కనిపిస్తాయి. మొదటి రెండూ దిగాక మిథనాల్ పెంచు, లేకపోతే మూడోదాని కోసం సాయంత్రం దాకా కూర్చోవాలి. ప్రతి ట్యూబునూ ప్లేట్ మీద పెట్టి చూడు, ఒకటే స్పాట్ ఉన్నవి మాత్రమే కలుపు. వానాకాలం సిలికా తేమ పీలిస్తే పట్టు తగ్గి ఆర్‌ఎఫ్‌లు పైకి పోతాయి, కాబట్టి ప్లేట్‌ను 110 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టు. పోయిన నెల రికార్డులో ఉన్న అంకెతో పోల్చొద్దు. పక్కనే అసలు కర్‌క్యుమిన్ చుక్క పెట్టి అదే ప్లేట్ మీద పోల్చుకో.