ముక్కుపుడకలో సగం చర్మమే

విజయవాడ గవర్నరుపేటలో ఏ ఫొటో స్టూడియోలో కాసేపు కూర్చున్నా ఇలాంటి మాట చెవిన పడుతుంది: "బాబూ, మా అత్తగారు ముక్కుపుడక లేకుండా ఎప్పుడూ ఉండేవారు కాదు. ఈ ఫొటోలో లేదు, కాస్త పెట్టి ఇవ్వవా?" నగల క్యాటలాగ్ నుంచి ఒక బొమ్మ కత్తిరించి అతికిస్తే అరనిమిషం పని. అది అతికించిందని తెలిసిపోవడానికి అంతసేపు కూడా పట్టదు. తప్పు ఎక్కడుందో మాత్రం చాలామంది చెప్పలేరు.

క్యాటలాగ్ ఫొటో తీసేటప్పుడు పుడకను తెల్లటి కాగితం మీద పెడతారు. నునుపైన బంగారు గుండు అంటే చిన్న కుంభాకార దర్పణం. చుట్టూ ఏముంటే అదే పసుపు పులుముకుని అందులో కనిపిస్తుంది. గుండును ఎదురుగా చూస్తున్నామనుకోండి. నడిమి నుంచి వ్యాసార్ధంలో 0.7 వంతు వరకు ఉన్న భాగంలో ముందున్న లైటు, కెమెరా, గది కనిపిస్తాయి. దాని బయట ఉన్న అంచులో వెనకున్నది, అంటే ముక్కు చర్మం, కనిపిస్తుంది. అంచు సన్నదే కదా అనిపిస్తుంది. కానీ 0.7ను వర్గం చేస్తే 0.49, అంటే నడిమి భాగం గుండు వైశాల్యంలో దాదాపు సగమే, మిగతా సగం చర్మమే. క్యాటలాగ్ బొమ్మలో ఆ సగమంతా తెల్ల కాగితం. మన కన్ను పట్టేసేది దాన్నే.

ఒక లెక్క వేద్దాం. ముఖం వెడల్పు 14 సెంటీమీటర్లు, ఫొటోలో అది 1400 పిక్సెళ్లు అనుకుంటే మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లు. 4 మిల్లీమీటర్ల పుడక 40 పిక్సెళ్ల గుండు అవుతుంది, వ్యాసార్ధం 20. అందులో బయటి 6 పిక్సెళ్ల పట్టీకి పక్కనున్న చర్మం రంగు ఎక్కించాలి, అదీ బంగారంలోంచి వచ్చినట్టు. బంగారం ఎరుపును దాదాపు పూర్తిగా తిప్పి పంపుతుంది, నీలాన్ని సగం కూడా పంపదు. కాబట్టి ఆ పట్టీ ముదురు రాగి రంగులోకి దిగాలి.

మెరుపు ఎక్కడ పెట్టాలో కళ్లే చెబుతాయి. కంటిపాప మీద లైటు తాలూకు తెల్ల చుక్క ఉంటుంది కదా, కన్ను కూడా కుంభాకార దర్పణమే. మనిషి కెమెరా వైపు చూస్తుంటే, ఆ చుక్క పదింటి దిక్కున ఉన్నప్పుడు పుడక మీద మెరుపూ పదింటి దిక్కునే ఉండాలి. లైటు కెమెరాకు 45 డిగ్రీల పక్కన ఉంటే మెరుపు గుండు నడిమి నుంచి వ్యాసార్ధంలో 0.38 వంతు దూరాన పడుతుంది, మన గుండులో అది సుమారు 8 పిక్సెళ్లు. క్యాటలాగ్ బొమ్మ మీద నాలుగైదు మెరుపులు ఉండడం మామూలే. కంట్లో ఒక్క చుక్కే ఉంటే మిగతావి చెరిపేయాల్సిందే. ఉంచిన మెరుపు కూడా నడుమ మాత్రమే తెల్లగా, చుట్టూ పసుపుగా ఉండాలి. చర్మం మీది నూనె మెరుపు లైటు రంగులోనే ఉంటుంది. బంగారం మాత్రం మెరుపుకూ తన రంగు పూస్తుంది.

ఇక నీడ. అర్ధగోళం లాంటి పుడక చర్మానికి పూర్తిగా ఆనుకుని ఉంటుంది. లైటు 45 డిగ్రీల వాలున పడితే నీడ అంచు దాటి, లైటుకు ఎదురు వైపు, 8 పిక్సెళ్లే బయటికి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముప్పై, నలభై పిక్సెళ్లు లాగేస్తారు. అప్పుడు పుడక ముక్కు మీద లేనట్టు, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఆనిన గీత దగ్గర నీడ బాగా ముదురుగా, పదునుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ కరిగిపోవాలి. లైటు వైపు కూడా ఒకటి రెండు పిక్సెళ్ల సన్న గీత అవసరం, ఆ సందులోకి వెలుతురు సరిగా దూరదు కాబట్టి.

నీడకు నలుపు వాడితే చర్మం మీద మసి అంటినట్టు ఉంటుంది. వెలుతురు చర్మం లోపలికి వెళ్లి, చెదిరి, కొంచెం పక్కన బయటికి వస్తుంది. రక్తం, మెలనిన్ నీలాన్నీ ఆకుపచ్చనూ ఎక్కువగా మింగేస్తాయి, ఎరుపు ఎక్కువ దూరం పాకుతుంది. అందుకే అంత చిన్న నీడలోకి పక్కనుంచి ఎరుపు చేరిపోతుంది. ఫొటోషాప్‌లో కింది రంగును ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో బూడిద రంగు బదులు ఎరుపు కలిసిన గోధుమ రంగు వేస్తే సరిపోతుంది. ఛాయ బాగా ముదురైన వాళ్లలో ఈ ఎరుపు తక్కువగా కనిపిస్తుంది, అక్కడ చేయి కాస్త వెనక్కి తీసుకోవాలి.

పాపిడి బిళ్ళ సంగతి వేరు. అది వేలాడేది, నుదుటికి ఎడం ఉంటుంది. లైటును మెత్తబరిచే 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ 150 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ అంచు ఎడంలో 0.4 వంతు మేర మసకబారుతుంది. బిళ్ళ కింది అంచు 5 మిల్లీమీటర్లు ఎడంగా ఉంటే మసక 2 మిల్లీమీటర్లు, అంటే మన ఫొటోలో 20 పిక్సెళ్లు. గొలుసు నుదుటికి ఆనే పైభాగంలో మాత్రం నీడ పుడక నీడలాగే పదునుగా ఉండాలి. ఒకే బ్లర్ మొత్తానికీ వేస్తే పని చెడుతుంది. జుట్టు క్లిప్పుకైతే ఇన్ని లెక్కలు అక్కర్లేదు, దాని మీదుగా నాలుగు వెంట్రుకలు గీస్తే సగం పని అయిపోయినట్టే.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లను అడగాల్సింది ఒకటుంది: ఆవిడ ఏ వైపు కుట్టించుకున్నారని. తెచ్చిన ఫొటో సెల్ఫీ అయితే కుడి ఎడమలు తిరగబడి ఉండొచ్చు. పమిట ఏ భుజం మీద ఉందో ముందు చూసుకోవాలి.